రాగికి దూరం, ఫైబర్‌కు పంపకం: విశాఖ శివార్లలో చివరి మైలు లెక్క

విశాఖపట్నం పెరుగుతున్న తీరు చూస్తే ఇంటర్నెట్ విషయంలో ఒక చిక్కు తేలిగ్గా అర్థమవుతుంది. నగరం ఒకవైపు జాతీయ రహదారి వెంట మధురవాడ, కొమ్మాది మీదుగా ఆనందపురం వైపు, మరోవైపు గాజువాక, పెందుర్తి దిక్కుగా సాగుతూ వస్తోంది. టెలిఫోన్ ఎక్స్ఛేంజీలు మాత్రం ఫోన్లు వచ్చిన కాలంలో ఇళ్లు ఎక్కడ ఉండేవో అక్కడే వెలిశాయి. కొత్త కాలనీ వేసినవారు రోడ్డు, నీరు, కరెంటు ఎంత దూరం నుంచి రావాలో లెక్క చూసుకుంటారు కానీ, ఎక్స్ఛేంజీ నుంచి తమ గడప దాకా తీగ పొడవు ఎంతో అడిగేవారు అరుదు. డీఎస్‌ఎల్ అనే రాగి తీగ బ్రాడ్‌బ్యాండ్‌కూ, ఇంటి దాకా వచ్చే ఫైబర్‌కూ మధ్య ఉన్న అసలు తేడా ఆ పొడవు దగ్గరే బయటపడుతుంది.

దేశంలో ప్రభుత్వ టెలికాం సంస్థ 2005లో డీఎస్‌ఎల్ బ్రాడ్‌బ్యాండ్‌ను విస్తృతంగా అందించడం మొదలుపెట్టినప్పుడు అది తెలివైన నిర్ణయమే. ఇళ్లకు ఫోన్ తీగ అప్పటికే ఉంది. మనిషి మాటకు ఆ తీగలో సుమారు 4 కిలోహెర్ట్జ్ వరకు చాలు. ఆ పైనున్న పౌనఃపున్యాలన్నీ ఖాళీగా పడి ఉన్నాయి. ఏడీఎస్‌ఎల్ ఆ ఖాళీని 1.1 మెగాహెర్ట్జ్ వరకు, తరువాత వచ్చిన ఏడీఎస్‌ఎల్2+ 2.2 మెగాహెర్ట్జ్ వరకు వాడుకుంది. ఎక్స్ఛేంజీలో ఇళ్ల తీగలన్నిటినీ ఇంటర్నెట్‌కు కలిపే డీస్లామ్ అనే పెట్టె, ఇంట్లో మోడెమ్, ఫోనునూ డేటానూ వేరుచేసే చిన్న స్ప్లిటర్ ఉంటే సరిపోయింది. కొత్తగా ఒక్క మీటరు తీగ కూడా వేయనక్కరలేకపోయింది.

అయితే ఆ తీగను వేసింది మాట కోసం. తీగలో పౌనఃపున్యం పెరిగేకొద్దీ సంకేతం త్వరగా క్షీణిస్తుంది; పౌనఃపున్యం రెట్టింపయితే, డెసిబెల్స్‌లో కొలిచే నష్టం దాదాపు 1.4 రెట్లవుతుంది. మాటకు ఏ ఇబ్బందీ కలిగించని పొడవే పై పౌనఃపున్యాలను పూర్తిగా మింగేస్తుంది. అందువల్ల ఫోన్ స్పష్టంగా వినిపించే ఇంట్లో కూడా డీఎస్‌ఎల్ నత్తనడక నడవవచ్చు. ఫోను బాగుంది కాబట్టి తీగలో లోపం లేదని లైన్‌మ్యాన్ చెప్పినప్పుడు అతను అబద్ధమాడడం లేదు. అతను పరీక్షిస్తున్నది మాటకు వాడే కింది పౌనఃపున్యాలను మాత్రమే.

లెక్క వేసి చూద్దాం. అర మిల్లీమీటరు మందమున్న రాగి తీగల జతలో ఏడీఎస్‌ఎల్ సంకేతానికి కిలోమీటరుకు సుమారు 14 డెసిబెల్స్ నష్టమని స్థూలంగా తీసుకోవచ్చు. ఎక్స్ఛేంజీకి కిలోమీటరున్నర దూరంలో ఉన్న ఇంటికి ఇది దాదాపు 21 డెసిబెల్స్. ఆ ఇంట్లో ఏడీఎస్‌ఎల్2+ 15 మెగాబిట్ల చుట్టుపక్కల వేగం ఇవ్వగలదు. మూడు కిలోమీటర్లకు 42 డెసిబెల్స్, వేగం ఆరేడు మెగాబిట్లు. ఇక కొమ్మాది దాటిన తరువాత లోపలికి వేసిన ఒక కాలనీ, ఎక్స్ఛేంజీ నుంచి తీగ దారిలో నాలుగున్నర కిలోమీటర్ల దూరంలో ఉందనుకుందాం. మ్యాపులో గీత గీస్తే ఆ దూరం మూడు కిలోమీటర్లే అనిపించవచ్చు. కానీ తీగ ఎక్స్ఛేంజీ నుంచి పిల్లరు అనే రోడ్డు పక్క పెట్టె దాకా, పిల్లరు నుంచి వీధిలో ఇళ్లకు తీగలు పంచే డీపీ బాక్సు దాకా, అక్కడి నుంచి డ్రాప్ వైరుగా ఇంటికి, వీధుల మలుపులన్నీ తిరిగి వస్తుంది. నాలుగున్నర కిలోమీటర్లకు నష్టం 63 డెసిబెల్స్. ప్రతి పది డెసిబెల్స్‌కు శక్తి పదో వంతవుతుంది కాబట్టి, ఎక్స్ఛేంజీ పంపిన శక్తిలో ఇరవై లక్షల వంతుల్లో ఒక వంతు మాత్రమే ఇంటికి చేరుతుంది. అక్కడ 1.1 మెగాహెర్ట్జ్ పైనున్న భాగమంతా నిరుపయోగమవుతుంది కాబట్టి ఏడీఎస్‌ఎల్2+కూ పాత ఏడీఎస్‌ఎల్‌కూ తేడా ఉండదు. ఇంటికి డేటా వచ్చే దిగుమతి వేగం ఒకటి రెండు మెగాబిట్ల దగ్గర ఆగిపోతుంది. ఇంటి నుంచి డేటా వెళ్లే ఎగుమతి వేగం దానికన్నా తక్కువ. బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి ఉండవలసిన కనీస వేగాన్ని 2023లో దేశంలో 2 మెగాబిట్లుగా నిర్ణయించారు. ఆ ఇంటి లైను ఆ గీతకు అటో ఇటో ఊగుతూ ఉంటుంది.

పెరుగుదలకు సంబంధించిన మరో ఇబ్బంది ఇంకా లోతైనది. ఒకే కేబుల్‌లో వందల జతలు పక్కపక్కనే ఉంటాయి. ఒక జతలోని అధిక పౌనఃపున్య సంకేతం పక్క జతలోకి కొంత జారుతుంది. దీన్ని క్రాస్‌టాక్ అంటారు. కాలనీలో పదిమంది డీఎస్‌ఎల్ తీసుకున్నప్పుడు లేని రొద, వందమంది తీసుకున్నాక వస్తుంది. మొదట చేరిన ఇంటి వేగం, ఆ ఇంటి తీగను ఎవరూ ముట్టుకోకపోయినా, పొరుగువారు చేరేకొద్దీ తగ్గుతుంది. జనం పెరగడమే ఈ పద్ధతికి లోపంగా పరిణమించడం, పెరుగుతున్న పట్టణానికి అన్నిటికంటే తీవ్రమైన అభ్యంతరం.

ఫైబర్ దగ్గర లెక్క తలకిందులవుతుంది. నేడు ఇళ్లకు ఎక్కువగా వాడుతున్న జీపాన్ పద్ధతిలో ఎక్స్ఛేంజీలో ఓఎల్‌టీ అనే పరికరం ఉంటుంది, ఇంట్లో మోడెమ్ లాంటి ఓఎన్‌టీ ఉంటుంది, మధ్యలో కాంతిని పంచే, కరెంటు అవసరం లేని స్ప్లిటర్లు ఉంటాయి. ఎక్స్ఛేంజీ నుంచి 1490 నానోమీటర్ల కాంతి ఇళ్లవైపు, ఇళ్ల నుంచి 1310 నానోమీటర్ల కాంతి ఎక్స్ఛేంజీవైపు ఒకే పోగులో ప్రయాణిస్తాయి. మొత్తం దారిలో ఎంత నష్టాన్ని ఈ పరికరాలు భరించగలవో ముందే నిర్ణయించి ఉంటుంది. సాధారణంగా వాడే తరగతికి ఆ పరిమితి 28 డెసిబెల్స్.

అదే కాలనీకి ఈ 28 డెసిబెల్స్ ఎలా ఖర్చవుతాయో చూడాలి. ఫైబర్ దారి ఇంకాస్త చుట్టు తిరిగి ఆరు కిలోమీటర్లయిందనుకుందాం. కిలోమీటరుకు 0.35 డెసిబెల్ చొప్పున, నష్టం ఎక్కువగా ఉండే 1310 నానోమీటర్ల కాంతికే లెక్క వేసినా 2.1 డెసిబెల్స్ అవుతుంది. కాలనీ మొదట్లో ఒక పోగును నాలుగుగా చీల్చే స్ప్లిటర్‌కు 7.3, వీధి చివర మళ్లీ ఎనిమిదిగా చీల్చేదానికి 10.5 పోతాయి, ఈ రెండూ కలిసి ఒక పోగు మీద 32 ఇళ్లను కూర్చోబెడతాయి. ఎనిమిది స్ప్లైసింగ్ అతుకులకు 0.8, నాలుగు కనెక్టర్లకు 2.0. మొత్తం 22.7 డెసిబెల్స్. పరిమితికి ఇంకా 5.3 మిగిలింది. కనెక్టర్లకు దుమ్ము పట్టినా, తెగిన చోట మరో రెండు మూడు అతుకులు పడినా, ఆ మిగులు భరిస్తుంది.

ఈ కూడికలో గమనించవలసింది దూరానికి పడిన పద్దు. ఇల్లు ఎక్స్ఛేంజీకి కిలోమీటరు దూరంలో ఉన్నా, ఆరు కిలోమీటర్ల దూరంలో ఉన్నా తేడా 1.75 డెసిబెల్సే. ఖర్చంతా పంపకానికి అవుతోంది. 32 ఇళ్ల బదులు 64 ఇళ్లకు పంచితే ఒకేసారి మరో మూడున్నర డెసిబెల్స్ పోయి మిగులు 1.8కి పడిపోతుంది, కాగితం మీద లైను పనిచేస్తుంది కానీ మొదటి మరమ్మతుతోనే అంచుకు చేరుతుంది. రాగిలో ఇంటి వేగాన్ని దూరం నిర్ణయిస్తే, ఫైబర్‌లో దాన్ని నిర్ణయించేది ఒక పోగును ఎంతమందికి పంచారన్నది. మొదటిది ఊరి నైసర్గిక స్వరూపం. దాన్ని ఎవరూ మార్చలేరు. రెండోది ఇంజనీరు తీసుకునే నిర్ణయం. దాన్ని అడగవచ్చు, ప్రశ్నించవచ్చు.

పంపకం ప్రభావం కాంతి శక్తి మీదే కాదు, వేగం మీద కూడా ఉంటుంది. జీపాన్‌లో ఒక పోగుకు దిగుమతి సామర్థ్యం 2.488 గిగాబిట్లు, ఎగుమతి 1.244 గిగాబిట్లు. 32 ఇళ్లూ ఒకే క్షణంలో పూర్తి వేగం కోరితే ఒక్కో ఇంటికి సుమారు 77 మెగాబిట్లు దక్కుతాయి. నిజానికి అందరూ ఒకే క్షణంలో కోరరు కాబట్టి 100, 200 మెగాబిట్ల పథకాలు చాలావరకు మాట నిలబెట్టుకుంటాయి. రాత్రి ఎనిమిది, పది గంటల మధ్య మాత్రమే వేగం పడిపోయి, తెల్లవారుజామున మామూలైపోతే, లోపం ఇంటి ఫైబర్‌లో కాకుండా పంపకంలోనో, ఎక్స్ఛేంజీ నుంచి బయటికి పోయే పెద్ద లైనులోనో ఉందని అనుకోవచ్చు. డీఎస్‌ఎల్‌లో ప్రతి ఇంటికీ సొంత తీగ ఉంటుంది కదా, అది మేలు కాదా అని కొందరు వాదిస్తారు. ఇంటి నుంచి డీస్లామ్ దాకా అది నిజమే. డీస్లామ్ దాటిన తరువాత అక్కడా పంపకమే.

మధ్యేమార్గం ఒకటి ఉంది, దాన్ని తోసిపుచ్చకుండా పరిశీలించాలి. ఫైబర్‌ను కాలనీ దాకా తెచ్చి, వీధి మూలన పెట్టెలో డీస్లామ్ పెట్టి, మిగిలిన మూడు నాలుగు వందల మీటర్లు పాత రాగి తీగనే వాడి వీడీఎస్‌ఎల్2 ఇవ్వవచ్చు. అది 17 మెగాహెర్ట్జ్ వరకు వెళ్తుంది కాబట్టి మూడు వందల మీటర్ల లోపు చాలా ఇళ్లకు 50 మెగాబిట్లకు పైగా అందుతుంది. కిలోమీటరు దాటాక ఆ మేలు త్వరగా కరిగిపోతుంది. అప్పటికే రాగి ఉన్న పాత అపార్ట్‌మెంటు భవనాల్లో, గోడలు తవ్వడానికి యజమానులు ఒప్పుకోని చోట, సెల్లార్‌లో ఇలాంటి పెట్టె పెట్టడం ఇప్పటికీ సబబే. వీధిలో పెట్టే పెట్టె మాటే వేరు. దానికి కరెంటు కావాలి, బ్యాటరీలు కావాలి, ఎండలో వేడెక్కకుండా ఫ్యాన్లు కావాలి. సముద్రపు ఉప్పుగాలి తగిలే ఊళ్లో ఇవన్నీ తరచూ మార్చవలసినవే. స్ప్లిటర్ పెట్టెలో వీటిలో ఒక్కటీ ఉండదు. పైగా రాగి తీగ ఇంకా వేయని కొత్త కాలనీకి ఈ మధ్యేమార్గమంటే, ఫైబర్‌ను వీధి దాకా తెచ్చి చివరి కొన్ని వందల మీటర్లకు కొత్తగా రాగి కొనడమే. దానికి ఏ లెక్కలోనూ సమర్థన దొరకదు.

ఇక పాడయ్యే తీరు. రాగికి విశాఖలో ప్రధాన శత్రువు తేమ. భూమిలో వేసే కేబుల్‌లో జెల్లీ నింపి ఉంటుంది కానీ, జాయింట్ల దగ్గరా, డీపీ బాక్సులోనూ నీరు చేరుతుంది; ఉప్పుగాలి స్క్రూలను తుప్పు పట్టిస్తుంది. వాన పడిన సాయంత్రం లైను పదేపదే తెగి, రెండు మూడు రోజుల ఎండ తరువాత తనంతట తానే బాగుపడితే అది దాదాపు ఎప్పుడూ తడిసిన జాయింటే. మోడెమ్ పేజీలో `SNR Margin` అనే అంకె దీన్ని ముందుగానే చెబుతుంది. మామూలుగా ఆరు డెసిబెల్స్ దగ్గర ఉండవలసినది రెండు మూడుకు దిగితే లైను త్వరలో తెగబోతోందని అర్థం. ఫోన్ మోగినప్పుడల్లా నెట్ తెగుతుంటే తీగను అనుమానించకముందు ఇంట్లోని స్ప్లిటర్‌ను మార్చి చూడాలి. అనుభవం లేనివారిని తికమక పెట్టే లోపం మరొకటుంది: జతలోని రెండు తీగల్లో ఒకటి తెగినా, అధిక పౌనఃపున్యం ఆ చిన్న ఖాళీని దాటిపోగలదు కాబట్టి ఫోను పూర్తిగా మూగబోయి, నెట్ మాత్రం అతి నెమ్మదిగా నడుస్తూ ఉండవచ్చు.

ఫైబర్‌కు తేమతో అంత పేచీ లేదు. వంపుతో, మురికితో, కోతతో పేచీ. ఓఎన్‌టీ మీద LOS దీపం ఎర్రగా వెలిగితే కాంతి రావడం లేదని అర్థం: ఎక్కడో తెగింది, లేదా కనెక్టర్ ఊడింది. దీపం మామూలుగానే ఉన్నా సేవ తడబడుతుంటే పరికరం పేజీలో `Rx Power` చూడాలి; అది ఇంటికి చేరిన కాంతి శక్తిని ఒక మిల్లీవాట్‌తో పోల్చి డీబీఎం అనే కొలతలో చెబుతుంది. పై కాలనీ ఉదాహరణలో ఓఎల్‌టీ +3 డీబీఎం శక్తితో పంపితే ఇంట్లో సుమారు -20 డీబీఎం కనిపించాలి, అంటే మిల్లీవాట్‌లో నూరో వంతు. ఓఎన్‌టీ -27 వరకు చదవగలదు. కనెక్షన్ ఇచ్చిన రోజు -20 ఉన్నది కొన్ని నెలలకు -25కు జారితే, సేవ ఇంకా నడుస్తున్నా సరే, ఫిర్యాదు చేయవలసిన సమయం వచ్చింది. కారణం వంపా, మురికా అన్నది కూడా కొలతతో తెలుసుకోవచ్చు. పోగును మరీ చిన్న వంపులో బిగిస్తే ఎక్కువ తరంగదైర్ఘ్యపు కాంతి ఎక్కువగా బయటికి కారిపోతుంది. అందుకే 1550 నానోమీటర్ల దగ్గర నష్టం పెద్దగా పెరిగి 1310 దగ్గర పెద్దగా పెరగకపోతే అది వంపు. రెండింటిలోనూ దాదాపు సమానంగా పెరిగితే మురికి పట్టిన కనెక్టరో, సరిగా పడని అతుకో అయి ఉంటుంది. కిటికీ తలుపు సందులోంచి తెచ్చి మేకుతో బిగించిన తీగ, మంచం కాలి కింద నలిగిన తీగ ఎక్కువ ఇళ్లలో మొదటి అనుమానితులు. వంపును తట్టుకునే రకం పోగు దొరుకుతోంది. ఇంటి లోపల దాన్నే వేయించుకోవడం మంచిది.

ఫైబర్‌లో పంపకం తెచ్చిపెట్టే ఒక లోపం రాగిలో లేదు. 32 ఇళ్ల ఓఎన్‌టీలు ఎక్స్ఛేంజీవైపు ఒకే పోగులో వంతులవారీగా కాంతి పంపాలి. ఎవరి వంతు ఎప్పుడో ఓఎల్‌టీ సూక్ష్మమైన కాలవ్యవధుల్లో నిర్ణయిస్తుంది. ఒక ఇంట్లో పరికరం చెడిపోయి తన వంతు కానప్పుడు కూడా కాంతి పంపుతూ ఉంటే మిగతా 31 ఇళ్ల మాట ఎక్స్ఛేంజీకి వినపడదు. ఒకే స్ప్లిటర్ మీది ఇళ్లన్నీ కాంతి బాగా అందుతూనే ఒకేసారి సేవ కోల్పోతే, ఒక్కొక్క ఇంటినీ స్ప్లిటర్ దగ్గర విడదీస్తూ దోషిని వెతకవలసి వస్తుంది. ఇళ్లలో పరికరాలను ఇష్టానుసారం మార్చనివ్వకపోవడానికి సంస్థలకున్న న్యాయమైన కారణాల్లో ఇదొకటి.

తుపాను సంగతి విశాఖలో ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ నగరం మీదే తీరం దాటినప్పుడు స్తంభాలు కూలి, వాటి మీదున్నవన్నీ నేలపాలయ్యాయి. ఫైబర్ గొప్పదే కానీ, కరెంటు స్తంభం మీద వేలాడే ఫైబర్ ఆ స్తంభమంత గట్టిది మాత్రమే. రాష్ట్రంలో ఇళ్లకు చౌకగా ఫైబర్ చేర్చే పని ఎక్కువగా స్తంభాల మీదుగానే జరిగింది, ఎందుకంటే తవ్వకం ఖర్చుతో, రోడ్డు తవ్వే అనుమతులతో, కొండరాతి నేలతో పోలిస్తే తీగ కట్టడం ఎంతో తేలిక. హుద్‌హుద్ తరువాత నగరంలో కొన్ని ప్రాంతాల్లో విద్యుత్ లైన్లను భూమిలోకి మార్చారు. అలాంటి చోట్ల, డక్టు వేసే సమయంలోనే టెలికాం పైపు కూడా పక్కన వేసి ఉంచకపోతే, స్తంభం పోయిన తరువాత ఫైబర్‌కు ఆధారమే ఉండదు. తిరిగి నిలబెట్టడంలో మాత్రం ఫైబర్‌దే పైచేయి. 24 పోగుల సన్నని కేబుల్, పోగుకు 32 చొప్పున 768 ఇళ్లకు సరిపోతుంది. స్ప్లైసింగ్ మెషిన్‌తో అది తెగిన చోట 24 అతుకులు వేస్తే చాలు. అన్ని ఇళ్లకు రాగి కేబుల్ తెగితే 768 జతలను రంగుల వరుస చూసి ఒక్కొక్కటిగా కలపాలి.

కరెంటు పోయినప్పుడు రాగి ఫోనుకు ఒక నిజమైన మేలు ఉండేది: ఎక్స్ఛేంజీలోని బ్యాటరీల నుంచి 48 వోల్టులు తీగ మీదుగానే వచ్చేవి, ఫోను మోగేది. గాజు పోగులో కరెంటు రాదు. అయితే డీఎస్‌ఎల్ మోడెమ్‌కు కూడా ఇంటి కరెంటే కావాలి కాబట్టి ఈ మేలు మాటకే పరిమితం. సుమారు పది వాట్లు తీసుకునే ఓఎన్‌టీకి 12 వోల్టుల చిన్న బ్యాకప్ బ్యాటరీ కొన్ని గంటలు చాలు. దాన్ని కనెక్షన్‌తోపాటే ఇవ్వడం నియమంగా ఉంటే బాగుండేది.

ఇవన్నీ చూస్తే, పాత నగరంలో ఎక్స్ఛేంజీకి కిలోమీటరు లోపు ఉండి రాగి ఇంకా చెక్కుచెదరని ఇళ్లను హడావిడిగా మార్చనక్కరలేదు. ఆ కేబుల్‌కు పెద్ద మరమ్మతు వచ్చిన రోజున రాగికి బదులు ఫైబర్ వేస్తే సరిపోతుంది. శివారు కాలనీకి మాత్రం డీఎస్‌ఎల్ ప్రశ్నే తలెత్తకూడదు. అక్కడ తేల్చుకోవలసిన విషయం ఎన్ని పోగులు వేయాలన్నదే. 200 ప్లాట్ల లేఅవుట్‌కు 32 చొప్పున పంచితే ఏడు పోగులు చాలనిపిస్తుంది. కానీ ఐదేళ్లలో ఆ ప్లాట్లలో సగం ఐదంతస్తుల అపార్ట్‌మెంట్లయి, అంతస్తుకు రెండు ఫ్లాట్ల చొప్పున లెక్క వేసినా, 100 ప్లాట్లలో వెయ్యి ఇళ్లు, మిగతా 100 ప్లాట్లలో వంద ఇళ్లు వస్తాయి. 1,100 ఇళ్లకు 35 పోగులు కావాలి. 12 పోగుల కేబుల్‌కూ 48 పోగుల కేబుల్‌కూ ఉన్న ధర తేడా, అదే కందకాన్ని రెండోసారి తవ్వే ఖర్చుతో పోలిస్తే చాలా తక్కువ. అందుకని లేఅవుట్ అనుమతి దశలోనే ప్రతి వీధి వెంట ఒక ఖాళీ పైపు, కాలనీ మొదట్లో స్ప్లిటర్ పెట్టెకు స్థలం, ఇంకా ఇళ్లు లేని ప్లాట్ల లెక్కతో కూడా పోగులు అడగడం స్థల యజమానుల సంఘం చేయగల పని. ఇంటికి కనెక్షన్ తీసుకునేవారు నెలవారీ ధరతోపాటు మూడు ప్రశ్నలు అడగాలి: ఒక పోగును ఎంతమందికి పంచారు, కేబుల్ భూమిలోంచి వస్తోందా స్తంభాల మీదుగా వస్తోందా, కనెక్షన్ ఇచ్చిన రోజు ఇంట్లో కాంతి ఎన్ని డీబీఎం ఉంది. ఆ మూడో అంకెను ఓఎన్‌టీ మీద మార్కర్‌తో రాసి ఉంచితే, తరువాత వచ్చే ప్రతి మరమ్మతుకూ అదే కొలబద్ద.